ఎదురు తలుపుతో మళ్లీ మాట కలపాలంటే

లిఫ్టు దగ్గర అలికిడి వినిపిస్తే అవతలివాళ్లు వెళ్లిపోయేదాకా తలుపు వెనకాలే ఆగడం. మెట్ల మీద ఎదురుపడితే రాని ఫోను వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకోవడం. పాల ప్యాకెట్టు తీసుకోవడానికి తలుపు తెరిచే ముందు, తలుపుకున్న చిన్న అద్దంలోంచి బయటికి తొంగి చూడటం. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి ఇవన్నీ తెలిసిన సంగతులే. చాలాసార్లు ఇలా తప్పించుకు తిరిగేది గొడవపడ్డవాళ్లతో కాదు. ఒకప్పుడు రోజూ పలకరించుకుని, ఏ కారణమూ లేకుండానే మాట ఆగిపోయినవాళ్లతో.

మాట ఆగడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఒకరోజు మనసు బాగోక తల వంచుకుని వెళ్లిపోతాం. మర్నాడు ఎదురుపడినప్పుడు, నిన్న పలకరించనందుకు ఏమనుకున్నారో అన్న వెరపు. ఆ వెరపుతో ఇవాళా మాట రాదు. అవతలివాళ్లూ అదే లెక్కలో ఉంటారు. మొన్న వాళ్లే చూడనట్టు వెళ్లారు కదా, ఈసారి వాళ్లే పలకరించనీ అనుకుంటారు. వారం గడిచేసరికి మొదటి కారణం ఇద్దరికీ గుర్తుండదు. మౌనం ఒక్కటే మిగులుతుంది. నెలలు గడిచేకొద్దీ, నోరు తెరిస్తే ఈ మౌనానికి కూడా సంజాయిషీ చెప్పుకోవాలేమో అనిపిస్తుంది. అసలు ఇబ్బంది ఇక్కడుంది. పలకరించడం కష్టం కాదు, పలకరింపుతోపాటు ఆ నెలలన్నిటికీ జవాబు చెప్పాలనుకోవడమే కష్టం. ఆ రెంటినీ విడదీయగలిగితే మిగిలింది చిన్న పనే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో, రోజూ ఒకే రైల్వే ప్లాట్‌ఫాం మీద ఎదురుపడుతూ ఏళ్ల తరబడి ఒక్క మాటా మాట్లాడుకోని మనుషుల గురించి రాశాడు. మాట్లాడుకోకుండా ఎంతకాలం గడిస్తే, ఆ మౌనాన్ని దాటడం అంత కష్టమవుతుందని గమనించాడు. అదే మనుషులు తమ ఊరికి దూరంగా, కొత్తచోట తారసపడితే మాత్రం సులువుగా మాట కలుపుతారనీ చెప్పాడు. ఇది మనకి తెలియనిది కాదు. హైదరాబాద్‌లో ఒకే అంతస్తులో ఉంటూ మొహాలు తిప్పుకునే రెండు కుటుంబాలు తిరుమల క్యూ కాంప్లెక్సులో ఒకే కంపార్ట్‌మెంటులో పడ్డాయంటే, చుట్టాల్లా కబుర్లు చెప్పుకుంటాయి. అక్కడ పాత లెక్కలేవీ గుర్తుకు రావు. ఇద్దరి ముందూ ఒకే క్యూ, ఒకే ఎదురుచూపు, పిల్లలకు పాలు దొరుకుతాయా అన్న ఒకే ఆలోచన.

ఇంటి దగ్గర మాట కలపాలన్నా కావలసింది అదే. ఇద్దరి కళ్ల ముందూ ఉన్న ఏదో ఒక సంగతి.

వాళ్లకు కోపమేమో?

పలకరించబోయి ఆగిపోయేవాళ్ల మనసులో మెదిలేది ఒకే ప్రశ్న. ఇన్నాళ్లకు పలకరిస్తే ఏమనుకుంటారు? ఈ విషయం మీద అమెరికాలో పరిశోధకురాలు పెగ్గీ లియు బృందం వేలమందితో చేసిన ప్రయోగాలు 2022లో వెలువడ్డాయి. చాలాకాలంగా మాటల్లేని పరిచయస్తులకు ఓ చిన్న కబురో, చిన్న కానుకో పంపినప్పుడు, అందుకున్నవాళ్లు ఎంత సంతోషిస్తారన్నది పంపినవాళ్లు తక్కువగా అంచనా వేశారు. పంపేవాళ్లు తమ ఇబ్బంది గురించి ఆలోచిస్తుంటే, అందుకునేవాళ్ల దృష్టి అనుకోకుండా అందిన ఆ పలకరింపు మీద ఉంది. ఎంత అనుకోనిదైతే అంత సంతోషం.

2024లో లారా ఆక్నిన్, గిలియన్ శాండ్‌స్ట్రామ్ అనే మరో ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. మాటలు తగ్గిన పాత స్నేహితుడికి కబురు పెట్టాలని ఉండి, నంబరు చేతిలో ఉండి, సమయం కూడా ఇచ్చినా, మూడోవంతు మంది కూడా పంపలేదు. ఇది మంచి పని అని నచ్చజెప్పినా పెద్దగా లాభం లేకపోయింది. పనికొచ్చింది వేరొకటి. ముందు కొన్ని నిమిషాలు, రోజూ మాట్లాడే మనుషులకే కబుర్లు పంపమన్నారు. ఆ తర్వాత పాత స్నేహితుడి దగ్గరికి వస్తే సగానికి కాస్త ఎక్కువ మందే పంపారు.

ఈ ప్రయోగాలు స్నేహితుల మీద చేసినవి, ఇరుగుపొరుగు మీద కాదు. తేడా ఉంది. స్నేహితుడు జవాబివ్వకపోతే ఆ సంగతి అక్కడితో పోతుంది. ఎదురింటివాళ్లు మాత్రం సాయంత్రం మళ్లీ కనిపిస్తారు. అందుకే ఇక్కడ మొదటి అడుగు ఇంకా చిన్నదిగా ఉండాలి. జవాబు రాకపోయినా ఎవరికీ చిన్నతనం అనిపించనంత చిన్నదిగా. నోరు ముందుగా కదిలించి పెట్టుకోవడం మాత్రం ఇక్కడా పనికొస్తుంది. కిందికి దిగుతూ వాచ్‌మన్‌ని, ఇస్త్రీ బండి దగ్గరి మనిషిని, రెండో అంతస్తు పిన్నిగారిని పలకరిస్తూ వచ్చినవాళ్లకి, గేటు దగ్గర ఎదురింటాయన కనపడితే మాట దానంతటదే వస్తుంది.

పటమటలో ఒక నాలుగో అంతస్తు

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ పటమటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు అనుకోండి. నాలుగో అంతస్తులో ఎదురెదురు తలుపులు. ఒకవైపు బ్యాంకు ఉద్యోగి, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే ఆయన భార్య, తొమ్మిదో తరగతి చదివే కూతురు. ఎదురుగా రిటైరైన తెలుగు మాస్టారు, ఆయన భార్య. కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఫిబ్రవరిలో మాస్టారి భార్య పోయారు. అప్పుడు బ్యాంకు ఆయన వాళ్లు పెళ్లికని శ్రీకాకుళం వెళ్లి ఉన్నారు. తిరిగొచ్చేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆ సాయంత్రమే వెళ్లి పరామర్శించాల్సింది. తలుపు వేసి ఉంది, రేపు వెళ్దామనుకున్నారు. రేపు ఆదివారం దాకా పోయింది, ఆదివారం నెల దాకా పోయింది. ఇంతకాలానికి ఏ మొహంతో వెళ్తాం అనుకున్నారు. మాస్టారి మనసులో మాట వేరు. ఒంటరివాణ్ణయ్యాను, ఏ సాయం అడుగుతానో అని దూరం జరిగారు అని. ఇప్పుడు అక్టోబరు. ఎనిమిది నెలలుగా ఎదురెదురు తలుపుల మధ్య మాట లేదు.

బ్యాంకు ఆయన భార్యకి తోచింది, దసరాకి పిండివంటలు చేసి పట్టుకెళ్లడం. మంచి మనసుతో తోచినదే, కానీ ఇక్కడ పొసగదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ చేసుకోని ఆచారం చాలామందికి ఉంది. ఆ ఇంటికి పండగ పేరుతో పళ్లెం పట్టుకెళితే, ఎనిమిది నెలల కింద జరిగింది మనకు గుర్తే లేదని చెప్పినట్టవుతుంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మన ఇళ్లలో ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. ఒంటరిగా ఉన్న పెద్దాయన ఆ గిన్నెలో ఏం పెట్టి పంపాలా అని సతమతమవుతాడు. మాట కలవకముందే కానుక వెళితే అది మొయ్యలేని బరువు. ముందు మాట, ఆ తర్వాతే గిన్నె.

మొదటి మాట ఎక్కడ? లిఫ్టు వద్దు. లోపల ఇద్దరే ఉన్నప్పుడు జవాబు రాకపోతే, కింది అంతస్తు వచ్చేదాకా ఇద్దరూ ఆ మౌనంలోనే నిలబడాలి. తలుపు కొట్టడం కూడా వద్దు. గడప దగ్గర నిలబడితే ఎందుకొచ్చారో చెప్పాలి, వాళ్లు లోపలికి రమ్మనాలి. మంచి చోటు గేటుకీ మెట్లకీ మధ్య నడిచే దారి. మాస్టారు పొద్దున నడకకి వెళ్లి తిరిగొస్తుంటారు, బ్యాంకు ఆయన స్కూటరు దగ్గరికి వెళ్తుంటాడు. ఇద్దరి దారులూ ఎదురెదురు దిక్కులకి. రెండు మూడు క్షణాల్లో పని పూర్తవుతుంది. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోవచ్చు.

మనుషులు ఒకరినొకరు ఎలా పలకరించుకుంటారో ఆడమ్ కెండన్, ఆండ్రూ ఫెర్బర్ అనే పరిశోధకులు ఒక పుట్టినరోజు విందును ఫిల్ము తీసి పరిశీలించి 1973లో రాశారు. పలకరింపు దగ్గరికి వచ్చాక మొదలు కాదని, దూరంగా ఉన్నప్పుడే చూపుతో, తల ఊపుతో, చిరునవ్వుతో మొదలవుతుందని వాళ్లు చూపించారు. దగ్గరకు నడిచే సమయంలో చూపు కాసేపు పక్కకి తిరుగుతుంది, మళ్లీ కలిసినప్పుడు నోటిమాట. నెలల తర్వాత పలకరించేవాళ్లు తడబడేది తొందరలో ఆ మొదటి భాగాన్ని వదిలేయడం వల్లే. తల వంచుకుని దగ్గరికి వచ్చి, పక్కనే దాటుతూ గబుక్కున ఏదో అనేస్తారు. అవతలి మనిషి ఉలిక్కిపడి జవాబు వెతుక్కునేలోపు దాటిపోతారు. జవాబు రాలేదని ఇటువైపు నొచ్చుకుంటారు.

కాబట్టి పది పన్నెండు అడుగుల దూరంలోనే తలెత్తి చూడాలి. చూపు కలవగానే చిన్నగా నవ్వి, చేతిలో ఏమీ లేకపోతే చేతులు జోడించి, "మాస్టారూ, నమస్కారం" అనాలి. నడక ఆపక్కర్లేదు. పెద్దవాళ్లని చిన్నవాళ్లే ముందు పలకరించడం మన పద్ధతి కనుక, ఇందులో ఎవరి పంతమూ లేదు.

"బాగున్నారా?" అని మాత్రం అడగకూడదు. మామూలు రోజుల్లో ఆ మాటకి జవాబు అక్కర్లేదు. నెలల తర్వాత అడిగితే మాత్రం అది నిజంగానే ప్రశ్న అవుతుంది. భార్య పోయిన మనిషి నడుస్తూ నడుస్తూ ఏం చెప్పాలి? బాగున్నానంటే అబద్ధం, బాగోలేదంటే అక్కడే నిలబడి మాట్లాడాలి. "ఏంటి మాస్టారూ, అసలు కనపడటమే లేదు" అన్నది ఇంకా పొరపాటు. తప్పించుకు తిరిగింది ఎవరో ఇద్దరికీ తెలుసు. బయటికి వెళ్తున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగడం ఎలాగూ మన వాళ్లకు నచ్చదు.

మొదటిరోజు మాస్టారు ఆగి చూసి, తల మాత్రం ఊపవచ్చు. ఆలస్యంగా ఊపవచ్చు. ఆ ఆలస్యం కోపం కాదు, అనుకోని మాట విన్న తడబాటు. అందుకే మొదటిరోజు జవాబును బట్టి ఏ నిర్ణయానికీ రాకూడదు. మర్నాడు, ఆ మర్నాడు అదే చోట, అదే మాట, అంతే కొద్దిగా. ఒక్కరోజు పలకరించి నాలుగు రోజులు మానేస్తే మొదటికే మోసం. నిన్నటి పలకరింపు పొరపాటున జరిగిందేమో అని అవతలివాళ్లకి అనుమానం వస్తుంది. మాస్టారు తనంత తానే ముందు తలెత్తి చూసిన రోజున, మొదటి పని అయినట్టే.

చిన్న సాయం అడగడం

ఆ తర్వాత ఇద్దరి కళ్ల ముందున్న సంగతి అందుకోవాలి. "లిఫ్టు మళ్లీ ఆగినట్టుంది మాస్టారూ?" "కరెంటు ఎప్పుడొస్తుందన్నారండీ?" అనో, "మోటారు వేశారాండీ?" అనో అడగవచ్చు. "ఆ, ఇప్పుడే వేశారు బాబూ" అంటారాయన. ఈ మాటల్లో విశేషమేమీ లేదు, అదే వీటి బలం. జవాబు చెప్పడానికి ఆయన మనసు విప్పక్కర్లేదు, పాత రోజులు తవ్వక్కర్లేదు. పైగా తెలిసింది చెప్పేవాడు ఆయన, అడిగేవాళ్లు వీళ్లు. దూరం పెట్టారని నొచ్చుకున్న మనిషికి, తన మాట ఇంకొకరికి పనికొచ్చిందన్న సంగతి చాలా అవసరం.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథలో ఇలాంటి ఉదంతం ఉంది. పెన్సిల్వేనియా శాసనసభలో గుమస్తాగా ఉన్న రోజుల్లో ఒక సభ్యుడు ఆయనకు వ్యతిరేకంగా మాట్లాడాడు. అంతవరకూ ఆయనతో ఆ సభ్యుడు మాట కలిపింది లేదు. ఫ్రాంక్లిన్ ఆయన్ని మెప్పించే ప్రయత్నాలేవీ చెయ్యలేదు. ఆయన దగ్గర ఒక అరుదైన పుస్తకం ఉందని విని, కొన్నాళ్లు చదవడానికి ఇమ్మని చీటీ రాశాడు. వెంటనే వచ్చింది. వారం రోజుల్లో కృతజ్ఞతలు రాసి తిరిగి పంపాడు. తర్వాత సభలో కలిసినప్పుడు ఆ సభ్యుడే ముందు పలకరించాడు, చివరిదాకా స్నేహంగా ఉన్నాడు. సాయం చేసినవాడి మనసే ముందు మెత్తబడుతుందన్నది ఈ ఉదంతం చెప్పే సంగతి. ఇక్కడ గమనించాల్సింది ఫ్రాంక్లిన్ ఏం అడిగాడన్నది. అడిగింది చిన్నది, అవతలి మనిషికి ఇష్టమైనది, తిరిగి ఇవ్వగలిగేది, వారంలో తిరిగి ఇచ్చింది కూడా. డబ్బు, బండి, పిల్లల్ని గంటసేపు చూడమనడం లాంటివి ఈ కోవలోకి రావు. అవి అడిగితే ఈ పలకరింపులన్నీ అందుకేనా అనిపిస్తుంది.

మన మాస్టారి విషయంలో ఆ చిన్న సాయం వెతుక్కోవాల్సిన అవసరమే లేదు. అమ్మాయికి తెలుగు వ్యాకరణంలో ఉత్పలమాల గణవిభజన చిక్కుగా ఉంది. ఒక వారం పది రోజుల పలకరింపుల తర్వాత తల్లి అడగవచ్చు. "మాస్టారూ, మా అమ్మాయికి ఛందస్సులో ఒక సందేహం. మీకు వీలున్నప్పుడు పది నిమిషాలు చెబుతారా?" ఆయన సాయంత్రం రమ్మంటారు. పది నిమిషాలన్నది గంట అవుతుంది. అయితే మొదటి రోజే పిల్లని ముందు పెట్టి తలుపు కొట్టించడం తప్పు. పెద్దవాళ్లు దాటలేని గడపను పిల్లల చేత దాటించకూడదు.

ఇక రాలేకపోయిన ఆ పరామర్శ. దాన్ని వదిలేయవచ్చా? కారణం లేని మౌనమైతే వదిలేయవచ్చు, వదిలేయాలి కూడా. "ఎందుకో ఈ మధ్య మాట్లాడుకోలేదు కదా" అని తవ్వితే లేని కారణాలు పుట్టుకొస్తాయి. ఇక్కడ మాత్రం ఒక మనిషి పోయారు. ఆ మాట ఎత్తకపోతే పలకరింపు ఎంత సాగినా మధ్యలో అది నిలిచే ఉంటుంది. ఎత్తాలి, కానీ గేటు దగ్గర కాదు, మొదటి వారంలో కాదు. ఆయన ఇంట్లో కూర్చున్న రోజున, పాఠం అయ్యాక రెండే మాటల్లో. "పిన్నిగారు పోయినప్పుడు మేం ఊళ్లో లేం మాస్టారూ. వచ్చిన వెంటనే రావలసింది, రాలేదు." అక్కడ ఆగాలి. పెళ్లి గురించి, రైలు టికెట్ల గురించి, ఆఫీసు పని గురించి చెప్పుకుపోతే, ఆయన మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. కారణాలకు బదులు ఆవిడ గురించి ఒక జ్ఞాపకం చెప్పాలి. ఆవిడ పెట్టిన మాగాయ గురించో, పిల్లకి తల దువ్విన సంగతో. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటే కంగారుపడి మాట మార్చకుండా కూర్చోవాలి. లేచేటప్పుడు "వెళ్లొస్తాం" అనడం పరామర్శకు పనికిరాదని పాటించే ఇల్లయితే, నమస్కారం పెట్టి ఊరికే లేచి వస్తే సరిపోతుంది.

నిజంగా గొడవ జరిగి ఉంటే

పై ఇంటి బాత్‌రూము నుంచి కింది ఇంటి గోడలోకి నీళ్లు దిగడం, పార్కింగులో గీత దాటి బండి పెట్టడం. అపార్ట్‌మెంట్లలో మాటలు తెగేది చాలావరకు ఈ రెండింటి దగ్గరే. ఇక్కడ ఒకటే నియమం. పలకరింపునీ, తగాదా విషయాన్నీ ఒకే రోజు, ఒకే చోట కలపకూడదు. పొద్దున "నమస్కారమండీ" అని సాయంత్రం గోడ చెమ్మ ఫొటో చూపిస్తే, ఆ నమస్కారం ఎరలా కనిపిస్తుంది. ఆ తర్వాత ఎంత మనస్ఫూర్తిగా పలకరించినా నమ్మరు. నీళ్లు కారుతున్నది మన బాత్‌రూము నుంచే అయితే వరస మారుతుంది. ముందు ప్లంబరును పిలిచి బాగుచేయించాలి, తర్వాతే నవ్వాలి. బాగుచేయకుండా నవ్వితే కింది ఇంటివాళ్లకు ఒళ్లు మండుతుంది, అది న్యాయం కూడా.

అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ మాటలు అనుకున్నవాళ్లు, అదే గ్రూపులో పండగ శుభాకాంక్షలు పెట్టి సర్దుకుపోదామనుకుంటారు. అది పలకరింపు కిందికి రాదు. నలభై ఇళ్లకు పంపిన పువ్వు బొమ్మను ఎవరూ తమకు పంపినట్టు అనుకోరు. మనిషి ఎదురుపడ్డప్పుడు అన్న ఒక్క మాటే లెక్క. మధ్యవర్తిని పంపడం కూడా అంతే. "ఆయనకు మీ మీద ఏం లేదటండీ" అని మూడో మనిషి వచ్చి చెబితే, వెనకాల మన గురించి మాట్లాడుకున్నారన్నదే ముందు వినిపిస్తుంది.

పండగ ఇచ్చే వీలు

మైల, ఏడాది పాటింపు లాంటివి లేని ఇళ్ల మధ్య అయితే, మన పండగల్లోనే మాట కలపడానికి దారులున్నాయి. తెలంగాణలో దసరా సాయంత్రం జమ్మి పూజ అయ్యాక ఆ ఆకును బంగారమని పిలుస్తూ ఒకరి చేతిలో ఒకరు పెడతారు. పెద్దల కాళ్లకు దండం పెడతారు, ఈడువాళ్లు ఆలింగనం చేసుకుంటారు. అలయ్‌ బలయ్‌ అనేది దీన్నే. ఆ సాయంత్రం జమ్మి పట్టుకుని వచ్చినవాణ్ణి, ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదని ఎవరూ అడగరు. ఆకు చేతిలో పెట్టడమే మొత్తం సంభాషణ. చేయవలసిందల్లా మీ అంతస్తులో మొదటి తలుపు నుంచి చివరి తలుపు దాకా వరసగా వెళ్లడం. వాళ్ల తలుపు ఒక్కటే కొడితే దానికో అర్థం వస్తుంది, అన్నీ కొడితే రాదు.

ఆంధ్ర జిల్లాల్లో శ్రావణ శుక్రవారం పేరంటానికి, సంక్రాంతి బొమ్మల కొలువుకి బొట్టు పెట్టి పిలవడం కూడా అలాంటిదే. పిలుపుకి వెళ్లినవాళ్లు తలుపులు ఏరుకోరు. కాకపోతే ఈ పిలుపుల్లో కొందరు ఆడవాళ్లను పక్కన పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆ ఇంట్లో భర్త పోయినావిడ ఉంటే, అందరినీ పిలిచి ఆవిణ్ణి వదిలేయడం కంటే ఘోరం లేదు. ఆవిణ్ణి కూడా పిలవండి, లేదా పేరంటం కాకుండా వేరే సందర్భం చూసుకోండి. వేరే మతంవాళ్లయితే వాళ్ల పండగకు మీరు ముందు శుభాకాంక్షలు చెప్పండి. మీ పండగకు వాళ్లను పిలవడం కంటే అది సులువు.

ఎప్పుడు ఆగాలి?

పలకరింపు పనిచేస్తోందా లేదా అన్నది మాటల్లో కాదు, కాళ్లలో కనిపిస్తుంది. మిమ్మల్ని చూసి నడక కాస్త నెమ్మదిస్తే, లిఫ్టు తలుపు మీకోసం ఆపితే, మీరడిగిన దానికి ఒక ముక్క అదనంగా చెబితే, దారి పడినట్టే. ముక్తసరిగా "ఊఁ" అన్నారంటే అంతవరకే ఇష్టమని. తల ఊపుడు దగ్గరే ఆగండి, దాన్ని స్నేహంగా మార్చాలని పట్టుబట్టకండి. మీరు కనపడగానే దారి మార్చుకుంటుంటే, రెండు మూడు వారాలు చూసి మాట ఆపేయండి. ఎదురుపడ్డప్పుడు పక్కకి జరిగి దారివ్వడం మాత్రం మానకండి. చెవిలో ఇయర్‌ఫోన్లు ఉన్నవాళ్లని, రెండు చేతుల్లో సంచులున్నవాళ్లని, స్కూలు బస్సు కోసం పిల్లల్ని లాక్కుంటూ పరుగెత్తేవాళ్లని పలకరించి, జవాబు రాలేదని లెక్కలో వేసుకోకండి. వాళ్లు విని ఉండరు. పోలీసుల దాకా వెళ్లిన గొడవలు, బెదిరింపులు, ఆడవాళ్లు వద్దన్నా వెంటపడిన చరిత్ర ఉన్నచోట ఇవేవీ వర్తించవు. అక్కడ మౌనమే క్షేమం.

మీ అంతస్తులో మాట ఆగిపోయిన తలుపులు ఒకటికి మించి ఉంటే, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ల తలుపుతో మొదలుపెట్టండి. పొద్దున నడకకి వెళ్లొచ్చేవేళ గేటు దగ్గర ఉంటారు. రేపు ఆఫీసుకి ఐదు నిమిషాలు ముందు బయల్దేరండి.